యాప్‌లోని రేడియోకూ ప్లేలిస్టుకూ తేడా ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే యాప్‌లో రేడియో అనే మాట రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. అవన్నీ ఒకటేనా?

కావు. పాటల యాప్‌లలో రేడియో అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు ఉంటాయి. మొదటిది లైవ్ స్టేషన్. ఎక్కడో ఒక స్టూడియోలో ఎవరో మాట్లాడుతూ, పాటలు వేస్తూ ఉంటే, ఆ ధ్వని అదే క్రమంలో వినేవారందరికీ ఒకేసారి చేరుతుంది. మీరు ఆరు గంటలకు తెరిచినా ఆరుంబావుకు తెరిచినా అప్పటికి ఎక్కడ నడుస్తోందో అక్కడినుంచే వినాలి. రెండోది ఆర్టిస్ట్ రేడియో. ఒక కళాకారుడి పేజీలో రేడియో అనే మీట నొక్కగానే యాప్ ఆ కళాకారుడిని విత్తనంగా తీసుకుని, ఆయన పాటలు కొన్ని, దగ్గరి పోలిక ఉన్నవారి పాటలు మరికొన్ని కలిపి మీ కోసం ఒక వరుస తయారుచేస్తుంది. దీని వెనుక స్టూడియో లేదు, వ్యాఖ్యాత లేడు, అదే క్షణంలో అదే పాట వింటున్న మరో శ్రోత కూడా దాదాపుగా ఉండడు.

ప్లేలిస్ట్ ఈ రెండింటికీ భిన్నమైనది. అందులో ఏ పాటలు ఉన్నాయో ముందే తెలుసు, ఏ పాటనైనా ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, పదిసార్లు వినవచ్చు. కోరిన పాట కోరిన క్షణాన వినిపించే ఈ పద్ధతినే ఆన్ డిమాండ్ అంటారు.

చిక్కంతా ఆర్టిస్ట్ రేడియో దగ్గరే వస్తుంది. దాని పేరు లైవ్ స్టేషన్ నుంచి వచ్చింది, శరీరం మాత్రం చాలా యాప్‌లలో ప్లేలిస్టుదే. ఈ పేజీలోని ప్రశ్నలలో సగం ఆ పేరు తెచ్చిన అయోమయం వల్ల పుట్టినవే.

నేను వింటున్నది వీటిలో ఏదో ఎలా గుర్తుపట్టాలి?

ఒక పాట నడుస్తుండగా పాజ్ నొక్కి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ప్లే నొక్కండి. పాట ఆగిన చోటనే మొదలైతే అది ఆర్టిస్ట్ రేడియో గాని ప్లేలిస్ట్ గాని అయి ఉంటుంది. పాట మారిపోయి ఇంకేదో వినిపిస్తే అది లైవ్ స్టేషన్. కొన్ని లైవ్ స్టేషన్లు గడిచిన కార్యక్రమాన్ని కొంతసేపు నిలవ ఉంచుతాయి కాబట్టి పాజ్ తర్వాత అక్కడే కొనసాగవచ్చు. అయితే అలాంటి చోట తెరపై మళ్లీ లైవ్‌కు వెళ్లే మీట ఒకటి కనిపిస్తుంది.

ఇక ఆర్టిస్ట్ రేడియోను ప్లేలిస్ట్ నుంచి వేరు చేయాలంటే తర్వాత రాబోయే పాటల వరుసను తెరిచి చూడాలి. వరుస మొత్తం కనిపించి, అందులోని ఏడో పాటను నేరుగా నొక్కి వినగలిగితే, పేరు రేడియో అయినా అది ప్లేలిస్టే. రాబోయే పాట పేరు దాచిపెట్టి, ముందుకు దూకడానికి మాత్రమే అనుమతించి, అదీ గంటకు ఇన్నిసార్లే అని లెక్క పెడితే అది పాత అర్థంలో రేడియో.

లైవ్ స్టేషన్ యాప్‌లో ఎందుకు ఆలస్యంగా వినిపిస్తుంది?

ఒక చేతిలో మామూలు ఎఫ్.ఎం. రేడియో, మరో చేతిలో అదే స్టేషన్ తెరిచిన ఫోన్ పట్టుకుని వింటే ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రేడియోలో వార్తలు మొదలైన తర్వాత ఫోన్‌లో ఇంకా ప్రకటనే నడుస్తూ ఉంటుంది. ఆలస్యం ఇరవై సెకన్లు ఉండవచ్చు, నిమిషం దాకా కూడా పోవచ్చు.

కారణం ధ్వని ప్రయాణించే తీరులోనే ఉంది. చాలా యాప్‌లు లైవ్ ధ్వనిని ముక్కలుగా కోసి పంపుతాయి. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్.ఎల్.ఎస్. అనే పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. సర్వర్ వద్ద ఒక చిన్న జాబితా ఫైలు ఉంటుంది. దానిలో తాజా ముక్కల పేర్లు రాసి ఉంటాయి. ఆ ఫైలు ఇంచుమించు ఇలా కనిపిస్తుంది:

```
#EXTM3U
#EXT-X-VERSION:3
#EXT-X-TARGETDURATION:6
#EXT-X-MEDIA-SEQUENCE:4821
#EXTINF:6.0,
seg4821.aac
#EXTINF:6.0,
seg4822.aac
#EXTINF:6.0,
seg4823.aac
```

ఇక్కడ ఒక్కో ముక్క నిడివి 6 సెకన్లు. ఆరు సెకన్ల ధ్వని పూర్తిగా తయారయ్యేదాకా ఆ ముక్క జాబితాలోకి ఎక్కదు. అది ఎక్కిన తర్వాత కూడా యాప్ వెంటనే దాన్ని వినిపించదు. జాబితా చివరినుంచి కనీసం మూడు ముక్కల నిడివి వెనుకనుంచి మొదలుపెట్టాలని ఈ పద్ధతి నియమం. మూడు ఆర్లు పద్దెనిమిది కాబట్టి, ఏ లోపమూ లేకుండా అన్నీ సక్రమంగా జరిగినా పద్దెనిమిది సెకన్ల వెనుకబాటు పుట్టుకతోనే వస్తుంది. దానికి ధ్వనిని కుదించే సమయం, సర్వర్ల మధ్య నకళ్లు చేరే సమయం తోడవుతాయి. అందుకే యాప్‌లో వినిపించే సమయ సంకేతాన్ని బట్టి గడియారం సరిచేసుకోకూడదు. ఆట వ్యాఖ్యానం వింటున్నప్పుడు పక్కింటి కేకలు ముందు వినిపించి, గోలు తర్వాత పడటం కూడా దీనివల్లే.

అదే ఫైలు ప్లేలిస్ట్‌లోని పాటకు సంబంధించినదైతే చివర `#EXT-X-ENDLIST` అనే వరుస ఉంటుంది. ఇక్కడితో అయిపోయింది, ఇంక కొత్త ముక్కలు రావు అని దాని అర్థం. లైవ్ జాబితాలో ఆ వరుస ఉండదు కాబట్టి యాప్ కొద్ది సెకన్లకోసారి మళ్లీ వచ్చి, కొత్త ముక్క వచ్చిందా అని చూసుకుంటూనే ఉంటుంది.

సిగ్నల్ పోయినప్పుడు లైవ్ స్టేషన్ ఆగిపోతుంది, ప్లేలిస్ట్ ఆగదు. ఎందుకు?

ప్లేలిస్ట్‌లో తర్వాత రావలసిన పాట ఇప్పటికే సర్వర్‌లో పూర్తిగా ఉంది. సిగ్నల్ బాగున్న పది సెకన్లలో యాప్ ఆ పాటంతా తెచ్చి ఫోన్‌లో పెట్టుకోగలదు. లైవ్‌లో తర్వాతి నిమిషం ఇంకా ఎవరూ పలకనిది. నెట్ ఎంత వేగంగా ఉన్నా, పుట్టని మాటను ముందుగా తెచ్చుకోలేరు. అందువల్ల లైవ్‌లో యాప్ దగ్గర ఉండే నిలవ అంతా పైన చెప్పిన ఆ వెనుకబాటే.

ఒక ఉదాహరణను లెక్కతో చూద్దాం. రైలు ఒక సొరంగంలోకి వెళ్లింది, 40 సెకన్లపాటు సిగ్నల్ లేదు. మీరు స్టూడియో కంటే 18 సెకన్లు వెనుక ఉన్నారనుకుందాం. ఆ 18 సెకన్ల ధ్వని ఫోన్‌లో ఉంది కాబట్టి అది వినిపిస్తుంది, ఆ తర్వాత 22 సెకన్లు నిశ్శబ్దం. బయటికి వచ్చాక రెండు రకాలుగా జరగవచ్చు. సర్వర్ పాత ముక్కలను ఎక్కువసేపు నిలవ ఉంచితే, యాప్ ఆగిన చోటనుంచే మొదలుపెడుతుంది. అప్పుడు ఒక్క మాట కూడా పోదు, కాని ఇకమీదట మీరు స్టూడియో కంటే 40 సెకన్లు వెనుక ఉంటారు. సర్వర్ మూడు ముక్కలే ఉంచేదైతే, మీరు ఆగిన చోటి ముక్క అప్పటికే జాబితానుంచి జారిపోయి ఉంటుంది. యాప్ గత్యంతరం లేక ఉన్న ముక్కలలో మొదటిదానికి దూకుతుంది, 22 సెకన్ల మాట శాశ్వతంగా పోతుంది.

కాబట్టి ఒక వాక్యం మధ్యలో తెగి మరో వాక్యం మధ్యలో మొదలైతే యాప్ చెడిపోయిందని అనుకోనక్కరలేదు. అలా కాక ప్రయాణమంతా సక్రమంగా వినిపిస్తూ, రాత్రికి వార్తలు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాయంటే, చిన్న చిన్న అంతరాయాలన్నీ పోగుపడ్డాయని అర్థం. స్టేషన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ తెరిస్తే ఆ బకాయి రద్దవుతుంది. పాజ్ చేసి ప్లే నొక్కితే సరిపోదు, చాలా యాప్‌లలో అది ఉన్న ఆలస్యానికి మరికొంత కలుపుతుంది.

ఏది ఎక్కువ డేటా తింటుంది?

గంట లెక్కన చూస్తే లైవ్ తక్కువే తింటుంది, ఎందుకంటే స్టేషన్లు సాధారణంగా తక్కువ నాణ్యతలో ప్రసారం చేస్తాయి. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారం గంటకు సుమారు 29 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 160 కిలోబిట్ల నాణ్యతతో ప్లేలిస్ట్ వింటే గంటకు 72 మెగాబైట్లు.

అయితే ఈ పోలిక మొదటి రోజుకే సరిపోతుంది. ప్లేలిస్ట్‌లో నిన్న విన్న పాటను ఈరోజు మళ్లీ వింటే, ఫోన్‌లో దాని నకలు మిగిలి ఉన్నంతవరకు కొత్తగా డేటా ఖర్చు కాదు. డౌన్‌లోడ్ చేసుకుంటే అసలే కాదు. లైవ్ స్టేషన్‌లో అదే పాట వారంలో ఇరవైసార్లు వచ్చినా ఇరవైసార్లూ తెచ్చుకోవలసిందే. పైగా లైవ్ వింటున్నంతసేపూ ఫోన్ కొద్ది సెకన్లకోసారి నెట్‌ను తడుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ మీద కూడా భారం కొంచెం ఎక్కువ.

లైవ్ స్టేషన్‌లో పాట పేరు తప్పుగా చూపిస్తుంది. ఎవరి పొరపాటు?

పాటా పేరూ వేర్వేరు దారుల్లో వస్తాయి, చాలాసార్లు పొరపాటు అక్కడే జరుగుతుంది. స్టూడియోలోని కంప్యూటర్ కొత్త పాట మొదలుపెట్టగానే దాని పేరును సర్వర్‌కు పంపుతుంది. పేరు కొన్ని అక్షరాలే కాబట్టి క్షణంలో చేరుతుంది. ధ్వని మాత్రం కుదింపు పూర్తిచేసుకుని తీరిగ్గా వస్తుంది. అందుకని పాత పాట చివరి చరణం వినిపిస్తుండగానే తెరపై కొత్త పాట పేరు పడుతుంది.

ఐస్‌కాస్ట్ వంటి పాత తరహా సర్వర్లలో పేరును ధ్వని మధ్యలోనే దూర్చి పంపుతారు. యాప్ తన అభ్యర్థనలో `Icy-MetaData: 1` అని రాస్తే, సర్వర్ `icy-metaint: 16000` వంటి అంకెతో జవాబిస్తుంది. ప్రతి 16,000 బైట్ల ధ్వని తర్వాత పేరు కోసం ఒక చిన్న గడి ఉంటుందని దాని భావం. సెకనుకు 128 కిలోబిట్ల ప్రసారంలో 16,000 బైట్లు అంటే సరిగ్గా ఒక సెకను. కాబట్టి ఈ పద్ధతిలో పేరు ధ్వనికి ఒక సెకను అటూ ఇటుగా సరిపోవాలి. సరిపోవడం లేదంటే స్టూడియో వాళ్లు పేరును ముందుగా పంపుతున్నారని అర్థం, మీ వైపునుంచి చేయగలిగింది ఏమీ లేదు.

దీనివల్ల వచ్చే అసలు నష్టం వేరొకటి ఉంది. లైవ్‌లో విన్న పాట నచ్చి, తెరపై ఉన్న పేరు చూసి గబుక్కున ప్లేలిస్ట్‌లో చేర్చుకుంటే, చేరేది తర్వాతి పాట కావచ్చు. నేనలా ఒకసారి సంతూర్ వాద్యం అనుకుని ఏకంగా పిల్లల పాటల సంపుటి దాచుకున్నాను. పాట మధ్యలో ఉండగా పేరు చూసి చేర్చుకోవడం మేలు, చివరి అరనిమిషంలో వద్దు.

ఆర్టిస్ట్ రేడియోలో ఆ ఆర్టిస్ట్ పాటలే ఎందుకు తక్కువగా వస్తాయి?

ఇది పాతకాలపు నియమం వదిలివెళ్లిన అలవాటు. అమెరికాలో 1998లో వచ్చిన డిజిటల్ కాపీరైట్ చట్టం ఇంటర్‌నెట్ రేడియోకు ఒక సౌకర్యం కల్పించింది. స్టేషన్ నడిపేవారు ప్రతి రికార్డు కంపెనీ దగ్గరికీ వెళ్లి అనుమతి అడగనక్కరలేకుండా, నిర్ణీత రుసుము కట్టి ఏ పాటనైనా వేసుకోవచ్చు. దానికి బదులుగా, శ్రోత కోరిన పాట కోరినట్టు వినిపించకూడదు. మూడు గంటల వ్యవధిలో ఒకే కళాకారుడి పాటలు నాలుగుకు మించకూడదు, వాటిలో వరుసగా వచ్చేవి మూడుకు మించకూడదు. ఒకే ఆల్బమ్ నుంచి మూడుకు మించకూడదు, వరుసగా రెండుకు మించకూడదు. ఏ పాట ఎప్పుడు వస్తుందో జాబితాగా ముందే ప్రకటించకూడదు.

ఈ నియమాన్ని ఒక సాయంత్రానికి అన్వయించి చూడండి. మీరు ఆరు గంటలకు ఒక గాయని పేరుతో స్టేషన్ మొదలుపెట్టారు. ఆమె పాటలు 6:00కు, 6:20కి, 6:50కి, 7:30కి వచ్చాయి. నాలుగూ అయిపోయాయి. ఐదో పాట తొమ్మిది దాటేదాకా రాకూడదు, ఎందుకంటే అప్పటికి గాని ఆరు గంటల పాట మూడు గంటల కిటికీనుంచి బయటికి పోదు. పాటకు నాలుగు నిమిషాల చొప్పున వేసుకుంటే మూడు గంటల్లో 45 పాటలు పడతాయి. అందులో ఆమెవి నాలుగు, అంటే పదకొండు పాటలకు ఒకటి. మిగిలినవన్నీ పోలిక ఉన్న ఇతరులవి. పేరు ఆమెది, కచేరీ ఊరందరిదీ.

ఈ కట్టుబాటు కిందే 2005లో పండోరా అనే అమెరికా సంస్థ తన ఇంటర్‌నెట్ రేడియోను మొదలుపెట్టింది. సంగీతం తెలిసిన మనుషులు ఒక్కో పాటను విని, గొంతు తీరు, లయ, వాద్యాల కూర్పు వంటి వందలాది లక్షణాలను గుర్తించి రాసేవారు. ఆ లక్షణాల పోలికతోనే తర్వాతి పాట ఎంపికయ్యేది. గంటకు ఒక స్టేషన్‌లో ఆరు పాటలే దాటవేయవచ్చన్న పరిమితి కూడా ఆ రోజుల్లోనే అలవాటైంది. నేటి పెద్ద యాప్‌లు ఆన్ డిమాండ్ కోసం రికార్డు కంపెనీలతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నాయి కాబట్టి, చందా కట్టిన శ్రోతకు ఆర్టిస్ట్ రేడియోలో ఈ లెక్కలు పాటించాల్సిన అవసరం వాటికి లేదు. అయినా ఆర్టిస్ట్ రేడియో అంటే కొత్త గొంతులను పరిచయం చేసేది అన్న ఊహ స్థిరపడిపోయింది. ఆ ఒక్క కళాకారుడి పాటలే కావాలంటే రేడియో మీట వదిలేసి, ఆయన పేజీలోనే ఉన్న ప్లే మీట నొక్కండి.

మరి ఆర్టిస్ట్ రేడియోలో ఎప్పుడూ తెలిసిన పాటలే తిరిగి తిరిగి వస్తాయేం?

ఎక్కువమంది శ్రోతల అసలు ఫిర్యాదు ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

నేటి యాప్‌లు పోలికను ప్రధానంగా శ్రోతల ప్రవర్తననుంచి నేర్చుకుంటాయి. లక్షలాది మంది తమ ప్లేలిస్టుల్లో ఏ పాటల పక్కన ఏ పాటలు పెట్టుకున్నారో, ఒకటి విన్నాక ఏది విన్నారో చూసి, కలిసి కనిపించే పాటలను దగ్గరి బంధువులుగా లెక్కిస్తాయి. ఇందులో ఒక ఒరుగు సహజంగానే ఉంది. బాగా పేరున్న పాట అందరి ప్లేలిస్టుల్లోనూ ఉంటుంది కాబట్టి అది అన్ని పాటలకూ బంధువే అవుతుంది. ఎవరూ విననిది ఎవరికీ బంధువు కాలేదు. ఈ లోటు తీర్చడానికి యాప్‌లు ధ్వనిని కూడా విశ్లేషించి వేగం, శ్రుతి, వాద్యాల రంగు వంటివి చూస్తాయి, కాని వినేవాళ్ల జాడ బలంగా ఉన్నచోట దానిదే పైచేయి.

దీనిమీద మీ సొంత చరిత్ర మరో పొర వేస్తుంది. మీరు పూర్తిగా విన్న పాట నచ్చినట్టు, మొదటి కొన్ని సెకన్లలో దాటేసినది నచ్చనట్టు నమోదవుతుంది. తెలిసిన పాటను ఎవరూ దాటేయరు, తెలియనిదాన్ని సగం మంది పది సెకన్లకే దాటేస్తారు. కొన్నాళ్లకు యాప్ మీకు తెలిసినవే మీకు వడ్డిస్తుంది. తప్పంతా యాప్‌దే అనడం న్యాయం కాదని నా ఉద్దేశం, వేళ్లకున్న తొందర కూడా అందులో భాగస్వామి.

విత్తనం మార్చితే ఫలితం మారుతుంది. కళాకారుడి పేరుతో కాకుండా ఒక పాటతో రేడియో మొదలుపెట్టండి, అదీ ఆయన అతి పెద్ద హిట్ కాకుండా పక్కన పడివున్న ఒక పాటతో. హిట్ పాటకు చుట్టాలు హిట్ పాటలే. అరుదుగా వినే పాటను ప్లేలిస్ట్‌లో పెట్టుకున్నవారు పట్టుబట్టి వెతికి వినేవారు, వారి మిగతా పాటలు కూడా అలాంటివే ఉంటాయి. తేడా మొదటి పది పాటల్లోనే తెలుస్తుంది.

సినిమా పాటల విషయంలో మరో తిరకాసు ఉంది. ఒక పాటకు కళాకారుల గడిలో స్వరకర్త పేరు, ఇద్దరు గాయకుల పేర్లు, ఒక్కోసారి రచయిత పేరు కూడా ఎక్కిస్తారు. మీరు గాయకుడి రేడియో నొక్కితే, ఆ గాయకుడి గొంతుకు దగ్గరైనవారు రావాలని మీరు ఆశిస్తారు, కాని పోలిక స్వరకర్త పేరు మీదుగా అల్లుకుపోయి, ఒకే సినిమా సంపుటిలోని పాటలన్నీ వరుస కడతాయి. ఇలాంటి చోట గాయకుడి పేరుకంటే పాటను విత్తనంగా తీసుకోవడమే నమ్మదగిన దారి.

నా ప్లేలిస్ట్ అయిపోయాక నేను పెట్టని పాటలు వస్తున్నాయి. ఎక్కడినుంచి?

ప్లేలిస్ట్ చివరి పాట ముగియగానే చాలా యాప్‌లు ఆగిపోవు. మీ జాబితానే విత్తనంగా తీసుకుని, చెప్పాపెట్టకుండా రేడియోలోకి జారుకుంటాయి. సెట్టింగుల్లో దీన్ని ఆటోప్లే అంటారు. 20 పాటల ప్లేలిస్ట్ పెట్టి నిద్రపోయినవారికి తెల్లారి లేచేసరికి వినని పాటలు నూరు విన్నట్టు చరిత్రలో ఎక్కి ఉంటాయి, వాటి ప్రభావం రేపటి సిఫారసులమీద పడుతుంది. నిద్రకు వాడేవారు ఆటోప్లే కట్టేయడమో, స్లీప్ టైమర్ పెట్టుకోవడమో చేయాలి.

ఆర్టిస్ట్ రేడియోలో నచ్చిన పాట మర్నాడు కనిపించలేదు. స్నేహితురాలికి పంపితే ఆమెకు వేరే పాటలు వచ్చాయట.

రెండింటికీ కారణం ఒకటే. ఆర్టిస్ట్ రేడియో ఆ క్షణానికి అల్లిన జాబితా. అది అప్పుడప్పుడు మారిపోతుంది, మీ చరిత్రను బట్టి మీకొకలా, ఆమె చరిత్రను బట్టి ఆమెకొకలా తయారవుతుంది. పంపిన లింకు విత్తనాన్ని సూచిస్తుందే తప్ప, మీరు విన్న వరుసను మోసుకుపోదు. నచ్చిన పాటను వింటుండగానే సొంత ప్లేలిస్ట్‌లో చేర్చుకోవాలి. వరుస మొత్తం నచ్చితే, యాప్ అనుమతించినచోట ఆ పాటలన్నిటినీ ఎంపిక చేసి కొత్త ప్లేలిస్ట్‌గా దాచి, ఆ ప్లేలిస్ట్ లింకును పంపాలి. అప్పుడే ఇద్దరూ ఒకే వరుస వింటారు. చేర్చుకోవడం మరచిపోతే, ఇటీవల విన్న పాటల చరిత్రలో ఇంకా దొరికే అవకాశం ఉంది.

డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?

ప్లేలిస్టును చందాదారులు చేసుకోవచ్చు. ఆర్టిస్ట్ రేడియో ప్లేలిస్ట్ రూపంలో ఉన్న యాప్‌లలో కొన్ని దాన్నీ అనుమతిస్తాయి. లైవ్ స్టేషన్‌ను చేసుకోలేరు. స్టేషన్ వారు విడిగా పెట్టిన పాత కార్యక్రమాలు దొరికితే అవే గతి.

ఇతర దేశాల స్టేషన్ నిన్నటిదాకా వచ్చేది, ఇప్పుడు మీ ప్రాంతంలో అందుబాటులో లేదు అంటోంది.

స్టేషన్ నడుస్తూనే ఉంటుంది, మీ దేశంలో దాన్ని చూపించే హక్కు యాప్‌కు లేకపోయి ఉంటుంది. పాటల హక్కులు దేశాలవారీగా ఉంటాయి. ఒక దేశంలో స్టేషన్ కట్టిన రుసుము ఆ దేశానికే చెల్లుతుంది. ప్రపంచంలోని స్టేషన్లన్నిటికీ దారి చూపే ట్యూన్‌ఇన్ అనే సేవమీద సోనీ, వార్నర్ కంపెనీలు బ్రిటన్‌లో దావా వేశాయి. తాను ప్రసారం చేయడం లేదు, లింకు మాత్రమే ఇస్తున్నానని ఆ సేవ వాదించింది. బ్రిటన్‌లో అనుమతి లేని విదేశీ స్టేషన్లను అక్కడి శ్రోతలకు చూపడం ఉల్లంఘనేనని 2019లో హైకోర్టు చెప్పింది, 2021లో అప్పీలు కోర్టు ఆ తీర్పులో ముఖ్యమైన భాగాన్ని సమర్థించింది. అప్పటినుంచి ఇలాంటి సేవలు జాగ్రత్తపడుతున్నాయి. చాలా స్టేషన్లు తమ సొంత వెబ్‌సైటులో ప్రసారాన్ని తెరిచే ఉంచుతాయి కాబట్టి, యాప్ కాదన్నప్పుడు ఒకసారి అక్కడ చూడవచ్చు.

లైవ్ స్టేషన్‌లో ప్రకటనలు అయ్యాక పాట మధ్యనుంచి మొదలవుతుంది. ఎందుకు?

ఎఫ్.ఎం.లో వచ్చే ప్రకటనలను యాప్ ప్రసారంలో తీసేసి, సర్వర్ దగ్గరే వేరే ప్రకటనలు అతికిస్తారు. స్టూడియోలో విరామం మూడు నిమిషాలు ఉండి, అతికించిన ప్రకటనలు మూడు నిమిషాల పది సెకన్లు ఉంటే, తర్వాతి పాట మొదటి పది సెకన్లు గల్లంతవుతాయి. తక్కువ ఉంటే మిగిలిన సమయాన్ని నిశ్శబ్దంతోనో పనికిమాలిన నేపథ్య సంగీతంతోనో నింపుతారు. విరామం మొదలైందన్న సంకేతాన్ని స్టూడియో ఆలస్యంగా పంపినా ఇదే జరుగుతుంది.

నేను వినే పద్ధతిని బట్టి కళాకారుడికి చేరే డబ్బు మారుతుందా?

మారుతుంది, అందులోనూ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో పైన చెప్పిన చట్టపు రుసుము కట్టి నడిచే ఇంటర్‌నెట్ రేడియో తన రుసుమును సౌండ్‌ఎక్స్చేంజ్ అనే సంస్థకు చెల్లిస్తుంది. దానిలో 50 శాతం రికార్డు హక్కుదారుకు, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 5 శాతం వెనుక పాడినవారు, వాయించినవారి నిధికి పోతుంది. కళాకారుడి వాటా కంపెనీ చేతిమీదుగా కాక నేరుగా ఆయనకే చేరుతుంది, కంపెనీకి ఆయన బాకీ ఉన్నా సరే. అదే పాటను ప్లేలిస్ట్‌లో వింటే డబ్బు మొదట కంపెనీకి వెళ్లి, అక్కడినుంచి ఒప్పందం ప్రకారం కళాకారుడికి వస్తుంది. విచిత్రమేమిటంటే అదే దేశంలో గాలిలో ప్రసారమయ్యే మామూలు ఎఫ్.ఎం. స్టేషన్ పాట రాసినవారికి, స్వరపరచినవారికి రుసుము కడుతుంది గాని, ఆ రికార్డింగ్‌లో పాడినవారికి ఏమీ కట్టనక్కరలేదు.

ఆర్టిస్ట్ రేడియోలో మరొక కోణం ఉంది. స్పాటిఫై 2020లో డిస్కవరీ మోడ్ అనే ఏర్పాటును ప్రకటించింది. హక్కుదారులు ఒక పాటను ఎంచి ఇస్తే, రేడియోలో, ఆటోప్లేలో ఆ పాట వచ్చే అవకాశం పెరుగుతుంది. ముందుగా డబ్బు కట్టనక్కరలేదు, ఆ చోట్లలో ఆ పాటకు వచ్చిన రికార్డింగ్ రాబడిలో 30 శాతం స్పాటిఫై ఉంచుకుంటుంది. అదే పాటను మీరు వెతికి విన్నా, సొంత ప్లేలిస్ట్‌నుంచి విన్నా ఆ కోత ఉండదు. కాబట్టి రేడియోలో పరిచయమైన పాట నిజంగా నచ్చితే, రెండోసారినుంచి దాన్ని ప్లేలిస్ట్‌లో పెట్టుకుని వినడం పాడినవారికి కొంచెం లాభం.

ఇంతకీ ఏది ఎప్పుడు వాడాలి?

వార్తలు, ఆట వ్యాఖ్యానం, మనిషి గొంతు తోడు కావాలనుకున్న వేళ లైవ్ స్టేషన్‌కు ప్రత్యామ్నాయం లేదు. సిగ్నల్ తెగిపోయే ప్రయాణాలకు, విమానానికి, నిద్రకు డౌన్‌లోడ్ చేసిన ప్లేలిస్ట్ తప్ప మరేదీ నమ్మదగినది కాదు. ఆర్టిస్ట్ రేడియోను నేను వారానికి ఒకటి రెండు సార్లు, చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చుని వినగలిగినప్పుడే తెరుస్తాను. వంట చేస్తూనో వాహనం నడుపుతూనో వింటే నచ్చిన పాటను చేర్చుకునే వీలుండదు, నచ్చనిదాన్ని దాటేసే వీలూ ఉండదు. యాప్ మాత్రం నేను అన్నిటినీ మెచ్చినట్టే రాసుకుంటుంది.